కాలిన చేతికి టూత్‌పేస్ట్ మహాసభ

వంటింట్లో చేయి కాలితే కుళాయి రెండడుగుల దూరంలోనే ఉంటుంది. టూత్‌పేస్ట్ బాత్రూమ్‌లో ఉంటుంది. అయినా ఇంటిల్లిపాదీ బాత్రూమ్ వైపే పరిగెత్తుతారు. పళ్లు తోముకోవడానికి చేసిన పదార్థానికి కాలిన చర్మాన్ని బాగుచేసే బాధ్యత ఎవరు అప్పగించారో తెలియదు గానీ, నియామకం మాత్రం శాశ్వతం. "చల్లగా ఉంటుందిగా" అన్నదే దాని అర్హత. ఆ చల్లదనం అందులోని మెంథాల్ నరాలకు చెప్పే అబద్ధం. చర్మంలోకి దిగిన వేడిని అది బయటికి లాగదు.

సభ ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. ఇంటావిడ చేతి వెనక భాగం మీద మరిగే నూనె చిందింది. ఆమె చేయి గాల్లో పెట్టుకుని నిలబడింది. భర్త పేస్ట్ తెచ్చాడు. అది జెల్ అని, జెల్ పనికిరాదని, తెల్లదే వాడాలని బాబాయి అభ్యంతరం చెప్పాడు. రెండింటిలో ఏది శ్రేష్ఠమన్న చర్చ మొదలైంది. అసలు వెన్న రాయాలని అత్తగారు సవరణ ప్రతిపాదించారు. కోడిగుడ్డు తెల్లసొన అని పక్కింటావిడ గోడ మీద నుంచే మద్దతు కూడగట్టింది. ఐస్ ముక్క పట్టుకుని కుర్రాడు దూసుకొచ్చాడు. మాట్లాడే హక్కు లేనిది ఒక్క చేయి కాలిన మనిషికే. ఈలోగా ఆ నూనె వేడి మాత్రం ఎవరి తీర్మానం కోసమూ ఆగకుండా, చర్మంలో లోపలికి దిగుతూనే ఉంది.

నూనె మంట తగిలిన క్షణంతో అయిపోదు. నూనె చర్మాన్ని అంటుకుని ఉంటుంది, కణజాలంలో చేరిన వేడి ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉంటుంది. దాన్ని లాగేయగలిగేది పారే నీళ్లు. మామూలు చల్లని కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి. "రెండు నిమిషాలు పెట్టాను, మంట తగ్గింది" అని తీసేయకండి, గడియారం చూడండి. సభ ముగిసేసరికి ఆలస్యమైపోయినా, కాలిన 3 గంటల లోపు నీళ్లు పెడితే ఉపయోగమే. ఉంగరం, గాజులు అప్పుడే తీసేయాలి, వాపు వచ్చాక అవి రావు. నూనెలో తడిసిన బట్ట కూడా తీసేయాలి, చర్మానికి అతుక్కుపోతే మాత్రం లాగకూడదు. ఐస్ పెడితే రక్తనాళాలు ముడుచుకుని, అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందదు. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే.

తర్వాత నూలు రాలని శుభ్రమైన గుడ్డో, వంటింటి ప్లాస్టిక్ పొరో (క్లింగ్ ఫిల్మ్) వదులుగా పరచండి, చుట్టూ బిగించి చుట్టొద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు. బొబ్బ లేస్తే చిదమకండి. దాని కింది చర్మానికి ఆ పొరే కప్పు.

ఎర్రగా, పొడిగా, చురచురమంటూ నాణెమంత మచ్చ అయితే ఇంట్లోనే తగ్గిపోతుంది. కానీ కాలిన చోటు వేళ్లతో సహా ఆ మనిషి అరచేతి కంటే పెద్దగా ఉన్నా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల మీద బొబ్బలు లేచినా డాక్టర్‌కి చూపించాలి. ఆ లెక్కన చేతి వెనక బొబ్బ లేచిన ఇంటావిడ కూడా వెళ్లాలి. పసిపిల్లలు, వృద్ధులు, షుగర్ ఉన్నవాళ్లయితే చిన్నదైనా సరే చూపించుకోవాలి.

ఇక "నొప్పే లేదు, అదృష్టవంతురాలు" అనే మాట. ఇది వింటే నాకు నవ్వు రాదు. కాలిన చోటు తెల్లగా, మైనంలా, లేదా గోధుమరంగులోనో నల్లగానో మారి, ముట్టుకుంటే స్పర్శ లేకపోతే, అక్కడ నరాలు కూడా కాలిపోయాయని అర్థం. అది అదృష్టం కాదు, లోతైన గాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేడి టీ మీద పడి ఏడ్చే పసివాడి ఒంటికి పేస్ట్ పట్టించి, దాని కింద గాయం ఎంత లోతుందో డాక్టర్‌కి కనబడకుండా చేసి, తర్వాత దాన్ని కడిగేటప్పుడు వాడు మళ్లీ కేకలు పెడుతుంటే "మేం ప్రథమ చికిత్స చేశాం" అని నిలబడి చెప్పే పెద్దలను ఏమనాలి? పిల్లలకి నీళ్లు పెట్టేటప్పుడు మిగతా ఒంటిని దుప్పటితో కప్పాలని కూడా వీళ్లకు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది, పిల్లల ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది.

ఇంట్లోనే ఉంచుకున్న గాయం మీదా ఓ కన్నేసి ఉంచండి. ఎరుపు చుట్టూ పాకుతున్నా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా, చీము, దుర్వాసన, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లి, టెటనస్ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి. బాబాయిని మాత్రం అడగొద్దు.