రెండు సగాల రొట్టె

నిన్న ఉదయం కోపెన్‌హేగెన్‌లో మా వీధి చివరి బేకరీకి సగం రై రొట్టె కోసం వెళ్ళి, నవ్వులపాలై వచ్చాను.

చీటీ తీసుకున్నాను, నా నంబరు పిలిచారు. డేనిష్‌లో రొట్టె అడగాలంటే ముందు దాని లింగం తేల్చుకోవాలి. ఉమ్మడి లింగమైతే ముందు ‘ఎన్’, నపుంసకమైతే ‘ఎట్’ రావాలి. ఎట్ వస్తే విశేషణం కూడా సాధారణంగా చివర ఒక ‘ట్’ తగిలించుకుంటుంది. పెద్ద కేకు ‘ఎన్ స్టోర్ కేయె’, పెద్ద ఇల్లు ‘ఎట్ స్టోర్ట్ హూస్’. కుర్చీ ఎన్ కాగా, దాని ఎదుటి బల్ల ఎట్. పాపం, పసిబిడ్డ కూడా ఎట్. ఆడమనిషికీ ఆవుకీ ఒకే ‘వచ్చింది’ వాడే తెలుగువాణ్ణి కనుక దీన్ని ఆక్షేపించే హక్కు నాకు లేదు. అయితే ఏది ఏ లింగమో ఎలా తెలుస్తుందని తరగతిలో అడిగితే, మా ఉపాధ్యాయిని “చెవికే తెలుస్తుంది” అన్నారు. ఆ చెవి డెన్మార్కులో పుట్టినవారికే ఉంటుందని మాత్రం చెప్పలేదు.

సమాసానికి చివరి పదం లింగమే వర్తిస్తుందని నాకు తెలుసు. రై రొట్టె ‘రూబ్రోద్’. అందులో రై ఎన్, రొట్టె ఎట్. కౌంటరు ముందు నిలబడేసరికి నాకు రై ఒక్కటే గుర్తుకు వచ్చి, “ఎన్ హల్ రూబ్రోద్” అన్నాను. ‘ఎట్ హల్ట్’ అనవలసింది. ఆ అమ్మాయి వెంటనే ఇంగ్లీషులోకి దిగింది. ఒక్క ‘ట్’ జారితే చాలు, ఈ దేశంలో అందరూ ఇంగ్లీషు అందుకుంటారు. ఇక మనం నేర్చుకునేదెప్పుడు?

నాకు పౌరుషం వచ్చింది. బహువచనంలో లింగభేదం కనిపించదని, విశేషణానికి ‘ఎ’ చేరిస్తే చాలని అప్పుడే స్ఫురించింది. గొంతు సవరించుకుని “టో హల్వె రూబ్రోద్” అన్నాను, అంటే రెండు సగాలు. ఏకవచనంలో నోరు మెదపని ‘వ’కారం బహువచనంలో మేలుకొని, నేనేదో మిఠాయి దుకాణంలో హల్వా అడిగినట్టు వినిపించింది. ఆమె ఒక క్షణం ఆగి “ఎట్ హేల్ట్?” అంది, అంటే మొత్తం ఒకటా అని. నాకు కావలసిన ఎట్, దాని వెంట ‘ట్’ తోకతో సహా, ఆమె నోటనే వచ్చింది. అయినా వెనక్కి తగ్గడానికి మనసు రాక, కాదు, రెండు సగాలేనని పట్టుబట్టాను. ఆమె నిండు రొట్టె ఒకటి తీసి, నా కళ్ళ ముందే రెండుగా కోసి, రెండు సంచుల్లో వేసింది. వెనుక వరుసలో ఎవరో దగ్గారు.

ఇంకేమైనా కావాలా అని ఆమె ఇంగ్లీషులోనే అడిగింది. అద్దం వెనుక దాల్చినచెక్క చుట్టలు ఘుమఘుమలాడుతున్నాయి. వాటిని ఇక్కడ దాల్చినచెక్క నత్తలంటారు. నత్తది ఏ లింగమో తెలియక, తల అడ్డంగా ఊపాను.