ట్రిల్ ఏ స్వరం మీద మొదలవ్వాలి?
"ట్రిల్‌ని బీట్‌కి కాస్త ముందు మొదలుపెట్టినా, సరిగ్గా బీట్ మీద మొదలుపెట్టినా వినేవాళ్లకి తేడా తెలియదు." ఈ మాటతో నేను ఏకీభవించను. ట్రిల్ అంటే అసలు స్వరాన్నీ దాని పై స్వరాన్నీ వేగంగా మార్చి మార్చి వాయించడం. సి మేజర్‌లో ముగింపు తీసుకోండి. ఎడమ చేతిలో జి, కుడి చేతిలో బి మీద ట్రిల్, ఆ తర్వాత రెండు చేతులూ సి మీదికి వస్తాయి. పై స్వరం సి సరిగ్గా బీట్ మీద, జి తోపాటే పడితే చెవికి చిన్న ఘర్షణ వినిపిస్తుంది. అది బి లోకి దిగినప్పుడు హాయిగా ఉంటుంది. అదే సి ని బీట్‌కి ముందే జారవిడిస్తే బీట్ మీద వినిపించేది బి, జి మాత్రమే. ఘర్షణ పోయి, వేళ్ల హడావిడి మిగులుతుంది. బాఖ్ తన పెద్ద కొడుకు కోసం 1720లో మొదలుపెట్టిన పుస్తకంలోని పట్టికలో కూడా ట్రిల్ పై స్వరంతోనే మొదలవుతుంది. మోర్డెంట్ అనే మరో అలంకారం మాత్రం అసలు స్వరం మీదే మొదలై, కింది స్వరాన్ని తాకి వెనక్కి వస్తుంది. నేను చాలాకాలం ట్రిల్‌ని ముందే మొదలుపెట్టేవాడిని, రికార్డ్ చేసుకుని విన్నాకే తప్పు దొరికింది. ఎడమ చేతి జి ప్రతిసారీ కుడి చేతి కోసం ఆగినట్టు ఆలస్యంగా పడుతోంది. ముందు ట్రిల్ లేకుండా సి, బి రెండే నెమ్మదిగా వాయించి, సి ని జి తో కలిపి నొక్కడం అలవాటు చేసుకున్నాక కుదిరింది. అయితే ఇది అన్ని చోట్లా కుదిరే నియమం కాదు. పై స్వరం బీట్ మీద పడటం వల్ల బాస్‌తో వరుసగా రెండు అయిదో అంతరాలు వస్తుంటే, అక్కడ నేనూ అసలు స్వరంతోనే మొదలుపెడతాను.