డాలరు గుర్తు ఉంది చాలు, ఏ దేశపు డాలరైతే ఏం?

మన అకౌంట్స్ విభాగాల్లో విశాల హృదయానికి లోటు లేదు. సప్లయర్ బిల్లు మీద "$" కనిపిస్తే చాలు, అది అమెరికాదా, సింగపూర్‌దా, ఆస్ట్రేలియాదా అని ఆరా తీయడం వాళ్ల దృష్టిలో సంకుచితత్వం. డాలర్లన్నీ ఒకే తల్లి బిడ్డలు. పైగా కరెన్సీ బాక్సులో USD ముందే నిండి ఉంటుంది. ఉన్నదాన్ని కదిలించడం మన సంప్రదాయం కాదు.

ఉదాహరణకు జీడిమెట్లలోని ఒక ఫ్యాక్టరీ సింగపూర్ నుంచి స్పేర్ పార్టులు తెప్పించిందనుకుందాం. బిల్లు $10,000. మార్చి 12న సరుకు ఓడెక్కింది. షరతుల ప్రకారం సరుకు బాధ్యత కూడా ఆ రోజే మన కంపెనీకి వచ్చింది. ఆ రోజు సింగపూర్ డాలరు 63 రూపాయలు, అమెరికా డాలరు 84 అనుకుందాం. మనవాళ్లు USD కొట్టి 8,40,000 రాసేశారు. రాయాల్సింది 6,30,000. బిల్లు అడుగున బ్యాంకు వివరాల పక్కన సింగపూర్ డాలరు కోడ్ SGD అని మూడు అక్షరాలు ఉన్నాయి గానీ, అంత కిందికి చూడాలంటే మెడ నొప్పి.

అలాగని సింగపూర్ బిల్లంటే సింగపూర్ డాలరే అని తేల్చేయడానికీ లేదు. అక్కడివాళ్లు అమెరికా డాలర్లలోనూ బిల్లు వేస్తారు. అందుకే దేశాన్ని చూసి కాదు, మొత్తం పక్కనున్న కోడ్ చూసి ఎక్కించాలి. కోడ్ లేకపోతే పర్చేజ్ ఆర్డర్ చూడాలి, అప్పటికీ తేలకపోతే సప్లయర్‌కి ఒక మెయిల్ పెట్టాలి. ఒక్క లైను మెయిల్! ఇంతటి శ్రమకు ప్రత్యేక అలవెన్సు ఉండాలని నా డిమాండు.

ఇక మే 10న బ్యాంకు 65 చొప్పున 10,000 సింగపూర్ డాలర్లు పంపి, ఖాతాలోంచి 6,50,000 కోసుకుంది. పుస్తకాల్లో బాకీ మాత్రం 8,40,000. అమెరికా డాలరు 84 దగ్గరే ఉంది కాబట్టి ఏడాది చివర కూడా ఎవరికీ అనుమానం రాలేదు. తేడా 1,90,000 "ఎక్స్చేంజ్ లాభం"గా వెలిసింది. రెండు నెలల్లో అప్పు 22 శాతానికి పైగా కరిగిపోయిందంటే ఏ రిజర్వ్ బ్యాంకూ సాధించలేని ఘనత. మేనేజరుగారు స్వీట్లు పంచారు. పాపం ఆడిటర్‌కి మాత్రం ఆ స్వీటు గొంతు దిగలేదు. ఆయన విదేశానికి డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ అడిగారు, అందులో SGD అని ఉంది.

"మొత్తం ఖర్చు అంతేగా సార్, అటూ ఇటూ పోతుంది" అన్నది మేనేజరుగారి వాదన. పోతుంది నిజమే. కాకపోతే మార్చి 31న బ్యాలెన్స్ షీటులో సరుకు 2,10,000, అప్పు 2,00,000 ఉబ్బి కూర్చున్నాయి. ఆ తర్వాతి ఏడాది లేని లాభం వచ్చింది.

సరిగ్గా రాస్తే కథ చప్పగా ఉంటుంది. కొనుగోలు 6,30,000, అది ఇక కదలదు. మార్చి 31న రేటు 64 కాబట్టి అప్పును 6,40,000 చేస్తారు, 10,000 నష్టం ఆ ఏడాదిది. మే 10న 6,50,000 కట్టారు, మరో 10,000 నష్టం కొత్త ఏడాదిది. స్వీట్లకు ఆస్కారమే లేదు.

తేదీ విషయంలో ఇంకో మహా సిద్ధాంతం ఉంది: బిల్లు ఏ రోజు నా టేబుల్ మీదికొస్తే ఆ రోజు రేటే శుభప్రదం. ఏప్రిల్ 2న వచ్చిందా, గూగుల్లో ఆనాటి రేటు 64.50 చూసి 6,45,000 రాసెయ్. మార్చి పుస్తకాల్లో ఆ అప్పే లేకుండా పోయిందా? పోనీ, అప్పు లేనివాడే అధిక సంపన్నుడు కదా!

కొందరు ఇంకాస్త చదువుకున్నవాళ్లు దిగుమతి సరుకు కోసం కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం బిల్ ఆఫ్ ఎంట్రీలోని కస్టమ్స్ రేటు తెచ్చి ఖాతాలో వేస్తారు. సర్కారు ముద్ర ఉంది కాబట్టి అదే పవిత్రమట. ఆ రేటు సుంకం లెక్కకు, బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన తేదీకి వర్తించేది. సప్లయర్‌కి ఇవ్వాల్సిన బాకీకి దానితో చుట్టరికం లేదు. యెన్ బిల్లులు వచ్చేచోట మరో వినోదం: రేటు పట్టికలో 100 యెన్‌లకు ఇచ్చిన అంకెతో ఒక్కో యెన్‌నూ గుణించి, జపాన్‌ వాళ్ల స్పేరు వంద రెట్లు ఖరీదైందని నిట్టూరుస్తారు.

ఆడిటర్ చివరికి అడిగినవి నాలుగే: కరెన్సీ కోడ్, విదేశీ మొత్తం, రేటు, ఆ రేటు ఏ తేదీది, ఎక్కడిది. అవి అయిదని మేనేజరుగారు వెంటనే పట్టేశారు. లెక్కల్లో ఆయనకు అంత శ్రద్ధ.

సవరణ ఎంట్రీ పడింది. కొనుగోలులోంచి 2,10,000 తీశారు, 1,90,000 లాభం తుడిచారు, 20,000 నష్టం రెండేళ్లకూ పంచారు. పంచిన స్వీట్ల బిల్లు మాత్రం రూపాయల్లోనే ఉంది కాబట్టి దాన్ని మొదటిసారే సరిగ్గా రాయగలిగారు.