షాపు ఎలా ఇచ్చానో అలాగే కావాలి

మా బావమరిది విజయవాడ గవర్నర్‌పేటలో ఫ్యాన్సీ షాపు పెట్టి 16 నెలలు నడిపాడు. నడిపాడు అనడం మర్యాద కోసమే. నెలకు పాతిక వేల అద్దె కట్టడానికి ఎన్ని గాజులు, ఎన్ని క్లిప్పులు అమ్మాలో లెక్క వేసుకున్న రోజు రాత్రి వాడికి నిద్ర పట్టలేదట. రెండు నెలల ముందు చెప్పి ఖాళీ చేస్తే సరిపోతుంది కదా అని ఓనర్ గారికి నోటీసు ఇచ్చాడు.

ఆయన కళ్లజోడు సవరించుకుని అగ్రిమెంటు తీశారు. "మూడేళ్ల లీజు. అందులో రెండేళ్లు లాకిన్, అంటే ముందే ఖాళీ చేసినా ఆ రెండేళ్ల అద్దె కట్టాల్సిందే. మిగిలిన 8 నెలల అద్దె 2 లక్షలు. నా దగ్గరున్న నీ అడ్వాన్స్ లక్షన్నర. అంటే బాబూ, నువ్వే నాకు ఇంకో యాభై వేలు ఇవ్వాలి" అన్నారు.

తన డబ్బు తాను తీసుకోవడానికి వెళ్లి బాకీ పడి వచ్చినవాడు మా ఇంటి చరిత్రలో వీడొక్కడే. టెన్షన్‌తో నన్ను వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లాడు.

ఆయన అగ్రిమెంటును తిప్పి చూసి, "రిజిస్టర్ చేయించలేదేం?" అని అడిగారు. స్టాంపు డ్యూటీ దండగని ఓనర్ గారే వద్దన్నారు మరి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కాకపోతే, అందులోని షరతులను కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టడం కష్టమని లాయరు చెప్పారు. అంతకంటే నాకు నచ్చింది ఆయన చెప్పిన రెండో మాట. లాకిన్ గట్టిగా ఉన్నా సరే, ఓనరుకు వచ్చిన నష్టానికి తగిన పరిహారమే అడగాలి. మరుసటి నెలలోనే కొత్త అద్దెదారు వచ్చేస్తే ఇక 8 నెలల నష్టం ఎక్కడిది?

కొత్త అద్దెదారు అప్పటికే తయారుగా ఉన్నాడు. ఐస్‌క్రీమ్ పార్లర్ పెడతానని ఒకాయన వచ్చి షాపంతా చూసి, ఫాల్స్ సీలింగ్, టైల్స్ చూసి ముచ్చటపడి, నెలకు 32 వేలకు ఒప్పుకుని వెళ్లాడు. ఆ సంగతి పక్క షాపులో తెలిసింది. అది తెలిశాక లాకిన్ మాట సన్నగిల్లింది. నోటీసు కాలం రెండు నెలల అద్దె కట్టి వెళ్లిపొమ్మన్నారు ఓనర్ గారు.

అయితే ఆయనకు ఉక్రోషం తగ్గలేదు. అడ్వాన్స్‌లో ఎంతో కొంత కోయకుండా ఎలా ఇస్తారు? వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: "షాపు ఎలా ఇచ్చానో అలాగే అప్పగించాలి. లేదంటే ఖర్చు అడ్వాన్స్‌లో కట్ చేస్తాను." ఆ మెసేజ్ పెట్టి బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లారు.

ఎలా ఇచ్చారో చూడాలంటే సాక్ష్యం కావాలి కదా. షాపు తీసుకున్న రోజున మా చెల్లెమ్మ ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫొటోలు దొరికాయి. ఉత్త సిమెంటు నేల, స్లాబు మీద పైఅంతస్తు బాత్రూమ్ నుంచి దిగిన తేమ మచ్చ, గోడకు తుప్పు పట్టిన మేకు ఒకటి. అద్దెదారు తాను బిగించిన వస్తువులను తాళం చెవులు అప్పగించేలోపు తీసుకెళ్లవచ్చని లాయరు ముందే చెప్పారు. షాపును మాత్రం తీసుకున్నప్పటిలా వదలాలి. మా వాడు మేస్త్రీని పిలిచాడు. ఫాల్స్ సీలింగ్ ఊడదీశారు, గాజు తలుపు సెకండ్ హ్యాండ్ వాళ్లకు అమ్మేశారు, టైల్స్ పగలగొట్టి కింద మళ్లీ సిమెంటు పూత వేశారు. మేకు దగ్గరికి వచ్చేసరికి మా వాడికి పట్టుదల పెరిగింది. కొత్త మేకు కొడితే ఫొటోలో ఉన్నట్టు ఉండదని పాత సామాన్ల కొట్టులో వెతికి తుప్పు మేకే తెచ్చాడు.

ఓనర్ గారు బెంగళూరు నుంచి వస్తూ వస్తూ ఐస్‌క్రీమ్ ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చారు. షట్టర్ ఎత్తారు. ఇద్దరూ పైకి చూశారు. తేమ మచ్చ 16 నెలల విశ్రాంతి తరవాత మరింత పెద్దదైంది.

"సీలింగ్ ఏదండీ?" అన్నాడు ఐస్‌క్రీమ్ ఆయన.

"ఎవరు పీకమన్నారయ్యా?" అని అరిచారు ఓనర్ గారు.

మా వాడు ఏమీ అనకుండా ఫోను తీసి మెసేజ్ చూపించాడు. తరవాత ఫ్యామిలీ గ్రూపు ఫొటోలు చూపించాడు. మేకును కూడా చూపించాడు. ఐస్‌క్రీమ్ ఆయన ఆ 32 వేల మాట మరిచిపొమ్మని చెప్పి, స్లాబు లీకు బాగు చేయించాక పాతిక వేలైతే ఆలోచిస్తానన్నాడు.

ఓనర్ గారు రంగుల ఖర్చు 18 వేలు కోస్తానని చివరి ప్రయత్నం చేశారు. రోజువారీ వాడకంలో గోడలు మాసిపోవడం సహజమని అగ్రిమెంటులో ఆయనే రాయించుకున్న ముక్కను నేను గట్టిగా చదివాను. తాళాలు అందినట్టు కాగితం మీద సంతకం తీసుకున్నాం, ఎందుకంటే చెవులు చేతికందలేదంటే అద్దె అలా నడుస్తూనే ఉంటుంది. చివరి కరెంటు బిల్లు 3,400 మినహాయించి లక్షా 46 వేల 600కు చెక్కు రాశారు.

వారం తరవాత ఆయనే ఫోన్ చేశారు. చెక్కు ఆపమంటారేమోనని మా వాడికి గుండె జారింది.

"బాబూ, ఆ టైల్స్ వేసిన మేస్త్రీ నంబరు కాస్త పంపిస్తావా?"