సాయంత్రం సంపాదన చూసి రాజీనామా చేయొచ్చా?

ప్రశ్న: "డిజైనర్‌గా ఉద్యోగం చేస్తున్నాను. రాత్రిళ్లు బయటి పనులు చేస్తుంటే నెలకు జీతంలో సగం వస్తోంది. ఉద్యోగం మానేసి పూర్తిగా ఫ్రీలాన్సింగ్‌లోకి దిగనా, రెండూ నడపనా?"

మాధవ్: ఉద్యోగం మానకండి. ముందు ఒకటి చెప్పండి, ఆ సగానికి నెలలో ఎన్ని గంటలు పడుతున్నాయి?

ప్రశ్న అడిగిన కిరణ్: యాభై దాకా. అంటే ఉద్యోగంలో పెట్టే గంటల్లో మూడోవంతే కదండీ! ఆ లెక్కన పూర్తిగా దిగితే జీతానికి ఒకటిన్నర రెట్లు రావాలి.

మాధవ్: యాభై గంటలూ డిజైన్‌వేనా? మెయిళ్లు, కొటేషన్లు, బిల్లులు, పైసల కోసం వెంటపడటం ఎప్పుడు?

కిరణ్: అవి ఆఫీసులో మధ్యమధ్య చూసుకుంటాను.

మాధవ్: అదే చిక్కు. ఆ పనికి ఇప్పుడు మీ ఆఫీసు జీతమిస్తోంది. సెలవులు, జ్వరాలు తీసేస్తే ఏడాదికి 46 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 1840. అందులో బిల్లు వేయగలిగేది 60 శాతం అనుకుంటే 1100 గంటలు. మీ రేటుకు 50 గంటలకు అర నెల జీతం కాబట్టి, 1100 గంటలకు 11 నెలల జీతం. సాఫ్ట్‌వేర్, కంప్యూటర్, ఇన్సూరెన్స్, రిటైర్‌మెంట్ పొదుపు సొంతంగా భరించాలంటే 15 నెలల జీతం కావాలి. మీరు నాలుగు నెలలు వెనకబడ్డారు.

సుధ: లెక్కలో తప్పు లేదు మాధవ్ గారూ, కానీ ఈ రేటే ఎప్పటికీ ఉంటుందని మీరు అనుకుంటున్నారు. రాత్రి పూట దొరికే డిజైనర్‌కు రాత్రి పూట పనులే వస్తాయి. ఒక ప్యాకేజింగ్ పని తీసుకోండి. ఫైలు ప్రెస్‌కు వెళ్లింది. మధ్యాహ్నం పన్నెండింటికి ప్రెస్ వాళ్లు ఫోన్ చేసి, పెట్టె వెనక సన్నటి నల్ల అక్షరాలు నాలుగు రంగులు కలిపిన నలుపులో ఉన్నాయి, అలాగే వేయమంటారా అంటారు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు కాబట్టి, ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ రంగు అంచు వస్తుంది. ఒక్క నలుపులోకి మార్చి పంపడం పది నిమిషాల పని. కిరణ్ ఆ సమయానికి మీటింగ్‌లో ఉంటే? మెషీన్ ఆగదు, పెట్టెలన్నీ మళ్లీ కొట్టించాలి. ఆ భయంతోనే మంచి రేటిచ్చే క్లయింట్లు ఇలాంటి డిజైనర్ దగ్గరికి రారు. అందుకే ఇప్పటి రేటును చూసి రేపటి ఆదాయం ఇంతేనని తేల్చలేం.

మాధవ్: రేటు పెరుగుతుందో లేదో ఉద్యోగంలో ఉండగానే తెలుసుకోవచ్చు. కొత్తగా అడిగే ప్రతివాళ్లకూ ఒకటిన్నర రెట్లు చెప్పమనండి. పని పోయినా జీతం ఉంది. మానేశాక ఆ ధైర్యం ఉండదు, ఇంటి అద్దె గుర్తొచ్చి సగానికే ఒప్పుకుంటారు.

సుధ: అది నిజమే. కాకపోతే చిన్న క్లయింట్లు కాదంటే పెద్దవాళ్లు కూడా కాదన్నట్టు కాదు. ఆ పరీక్షతో సగమే తెలుస్తుంది.

కిరణ్: నాకు ఆ బెంగ లేదులెండి. నా ఆదాయంలో ముప్పావు ఒక్క ఏజెన్సీ నుంచే వస్తుంది, ప్రతి నెలా పనిస్తారు.

సుధ: అయితే నేను కూడా మానొద్దనే అంటాను. ఒక్కరి చేతిలో సగానికి మించి ఉంటే అది సెలవుల్లేని ఉద్యోగమే. వాళ్లు సొంత డిజైనర్‌ను పెట్టుకున్న రోజు మీకు చెప్పాల్సిన పని కూడా లేదు. ముందు ఇంకో ఇద్దరిని పట్టండి. చేతిలో ఆరు నెలల ఖర్చు పెట్టుకోండి. సగం అడ్వాన్స్ తీసుకున్నా, ఈ నెల చేసిన పనికి రెండో సగం వచ్చేసరికి రెండు మూడు నెలలు పడుతుంది.

మాధవ్: ఆలోగా ఆఫర్ లెటర్ తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా చేసిన డిజైన్లన్నీ కంపెనీవేనని, బయటి పనికి ముందు అనుమతి కావాలని కొన్నింట్లో రాసి ఉంటుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు కొన్న ఫాంటుతో చేసిన లోగో అయితే గొడవ రెండు వైపుల నుంచీ వస్తుంది. క్లయింటు రేపు ఆ ఫాంటు లైసెన్స్ చూపమంటే మీ పేరు మీద ఏదీ ఉండదు.

కిరణ్: ఫాంట్లు ఆఫీసువే వాడుతున్నాను. లాప్‌టాప్ కూడా.

సుధ: అది ఈ వారమే ఆపండి. ఉంటారా మానేస్తారా అన్నది తర్వాత. వారానికి మూడు రోజుల ఉద్యోగానికి ఆఫీసు ఒప్పుకుంటుందేమో అడిగారా? రెండు పగళ్లు చేతికొస్తే ప్రెస్ ఫోన్లు ఎత్తొచ్చు.

మాధవ్: జీతం కూడా సగం దగ్గరకు పడుతుంది సుధ గారూ, పని మాత్రం అయిదు రోజులదే ఇస్తారు.

సుధ: అన్ని ఆఫీసులూ అలా ఉండవు. ఏ రోజుల్లో దొరకరో కాగితం మీద రాయించుకుంటే కొంత నయం.

మాధవ్: రాయించుకున్నా ఫోన్లు ఆగవు. ఇది మనిద్దరికీ తెగదు.