సవరణ: ఫ్లాట్ అమ్మకానికి అసోసియేషన్ ఎన్‌ఓసీ ఎందుకు?

“బెంగళూరులో అసోసియేషన్ ఎన్‌ఓసీ లేకపోతే రిజిస్ట్రేషనే కాదన్నారు, నిజమేనా?”

కాదు. మా పాత పోస్టులో అలా రాశాం, ఆ వాక్యం తీసేశాం. సబ్ రిజిస్ట్రార్ చూసేది ఈ-ఖాతా, అంటే ఆస్తి పన్ను కోసం నగరపాలక సంస్థ ఉంచే ఆన్‌లైన్ రికార్డు. ఎన్‌ఓసీ అడిగేది కొనేవాళ్లు, వాళ్లకు లోన్ ఇచ్చే బ్యాంకు. కారణం ఉంది. కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం కిందికి వచ్చే ఫ్లాట్‌లో అమ్మేవాళ్లు ఎగ్గొట్టిన మెయింటెనెన్స్‌కు కొన్నవాళ్లూ బాధ్యులే. బకాయి ఎంతో అసోసియేషన్ నుంచి ముందే రాయించుకుంటే అంతకు మించి కొన్నవాళ్లను అడగడానికి లేదు.

అందుకే “అభ్యంతరం లేదు” అనే ఒక్క వాక్యం చాలదు. ఏ తేదీ వరకు కట్టారో అందులో ఉండాలి. నెలకు 4,500 మెయింటెనెన్స్ అనుకోండి. జూన్ వరకు కట్టినట్టు ఎన్‌ఓసీ ఇచ్చారు, రిజిస్ట్రేషన్ ఆగస్టు చివరికి జరిగింది. మధ్యలో 9,000 మిగిలింది. కొత్త లెటర్ అడగండి, లేదా ఆ మొత్తం చివరి చెల్లింపులో పట్టుకోండి. పెయింటింగ్‌కని వేసిన ప్రత్యేక వసూలు ఇలాగే దాక్కుంటుంది, దాన్నీ రాయించండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక సేల్ డీడ్ కాపీతో ఖాతా, బెస్కామ్ కరెంటు మీటరు, అసోసియేషన్ సభ్యత్వం మూడూ విడివిడిగా పేరు మార్పించుకోవాలి.