ముందున్న మైనస్ అసింప్టోట్‌ను తిప్పదు

«y = a/(x−h) + k లెక్కలకి ఒకే షార్ట్‌కట్. 1) కింద ఉన్న అంకె గుర్తు మారిస్తే నిలువు అసింప్టోట్. 2) a పెద్దదైతే అసింప్టోట్ కూడా దూరం జరుగుతుంది, కాబట్టి k ని a తో గుణించండి. 3) a ముందు మైనస్ ఉంటే రెండు అసింప్టోట్ల గుర్తులూ తిరగబడతాయి. 4) గ్రాఫ్ అసింప్టోట్‌ని ఎప్పుడూ తాకదు. పరీక్షకి ఇంతే చాలు, అందరికీ షేర్ చేయండి.»

తిరుపతిలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ నెలలో ఈ ఫార్వర్డ్ నాకు నలుగురు పిల్లల ఫోన్లలో కనబడింది. పోయిన వారం ఒక అమ్మాయి గ్రాఫ్ కాగితం తీసుకొచ్చింది. లెక్క y = −6/(2x−6) + 4. ఫార్వర్డ్ చెప్పినట్టే గుర్తు మారిస్తే 6, ముందున్న మైనస్‌తో మళ్లీ తిప్పితే −6, కాబట్టి కాగితం మీద x = −6 దగ్గర ఒక చుక్కల గీత ఉంది. 4 ని 6 తో గుణించి గుర్తు తిప్పితే వచ్చిన y = −24 కోసం చోటు చాలక కింద ఇంకో కాగితం అతికించింది. బిందువులు మాత్రం సరిగ్గా లెక్కవేసింది: (0, 5), (2, 7), (4, 1), (6, 3). అవి ఆ గీతల దరిదాపుల్లో కూడా లేవు. "బిందువులే తప్పేమో సార్" అని రెండుసార్లు చెరిపేసినట్టుంది, ఆ చోట కాగితం పలచబడిపోయింది. ఆ పిల్ల లెక్క తప్పు కాదు, ఆమెకు అందిన నియమం తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి మాట x ముందు 1 ఉన్నప్పుడే పనిచేస్తుంది. మన లెక్కలో కింద 2x−6 ఉంది. 2 ను బయటికి తీస్తే 2(x−3), పైన ఉన్న −6 లో 2 పోతే −3. అంటే అదే ప్రమేయం y = −3/(x−3) + 4 అవుతుంది. నిలువు గీత x = 3 దగ్గర ఉంటుంది, 6 దగ్గర కాదు. 1/(3−x) అని ఇచ్చినా పిల్లలు ఇలాగే బోల్తా పడతారు. గుర్తు మారిస్తే −3 వస్తుంది, కానీ హారం సున్నా అయ్యేది x = 3 దగ్గర. అందుకే నేను గుర్తు మార్చమని చెప్పను. హారాన్ని సున్నాకు సమానం చేసి x కనుక్కోమంటాను. దానికి పట్టేది ఒక్క వరుస.

రెండో మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చూడ్డానికి అది నిజంలాగే ఉంటుంది. సాగదీస్తే అన్నీ దూరం జరగాలి కదా అనిపిస్తుంది. 1/x గ్రాఫ్‌కు అడ్డ అసింప్టోట్ y = 0. గ్రాఫ్‌ను నిలువుగా 3 రెట్లు సాగదీస్తే ప్రతి బిందువు ఎత్తూ 3 రెట్లవుతుంది. సున్నా ఎత్తులో ఉన్న గీతకు 3 రెట్లు ఎంత? సున్నాయే. నిలువు గీత మీద ఎత్తుల గుణకారం పనిచేయదు. కాబట్టి సాగదీసినా రెండు గీతలూ ఉన్నచోటే ఉంటాయి. వంపు మాత్రం మూల నుంచి దూరం జరుగుతుంది. మన లెక్కలో ఆ తర్వాతే 3 కుడికి, 4 పైకి జరిపాం. గీతలను కదిలించింది ఆ జరపడమే.

తిరుపతి నుంచి కాణిపాకానికి బండి మాట్లాడుకున్నారనుకోండి. బాడుగ 3600 రూపాయలు, మొత్తం n మంది, అందులో ఇద్దరు చిన్నపిల్లలు డబ్బివ్వరు. ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరు టిఫిన్‌కు ఇంకో 50 వేసుకుంటారు. ఒక్కొక్కరి ఖర్చు 3600/(n−2) + 50. ఎంతమంది చేరినా ఖర్చు 50 కి దగ్గరవుతుందే కానీ 50 కి దిగదు. ఇప్పుడు బాడుగ రెట్టింపై 7200 అయిందనుకుందాం. అందరి వాటా పెరుగుతుంది, కానీ టిఫిన్ 100 అవుతుందా? కాదు, 50 గీత 50 దగ్గరే ఉంటుంది. ఈ ఉదాహరణ చెప్పాక k ని a తో గుణించిన పిల్లలు నా దగ్గర మళ్లీ లేరు.

అయితే ఒక చోట గుణకారం నిజంగానే k ని తాకుతుంది: y = 3(1/(x−2) + 4). ఇక్కడ ముందు జరిపి, తర్వాత మొత్తాన్ని సాగదీశారు. 3 లోపలికి వెళితే y = 3/(x−2) + 12, కాబట్టి అడ్డ అసింప్టోట్ 12. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఇలాంటి లెక్క ఒకటి చూసి అన్నిటికీ అంటగట్టి ఉండొచ్చు. 3 బ్రాకెట్ బయట ఉందా, పై భాగంలో ఉందా అని ముందు చూడాలి.

మూడో మాటలో పొరపాటు కూడా ఈ వరుస క్రమం దగ్గరే. 3/x ని x-అక్షం మీద అద్దంలో చూస్తే −3/x వస్తుంది. అద్దం పెట్టిన గీతే y = 0, అది తిరగబడితే మళ్లీ అదే. x = 0 కూడా అంతే. మైనస్ మార్చేది వంపులు కూర్చునే గదులను మాత్రమే. రెండు గీతలు కాగితాన్ని నాలుగు గదులు చేస్తాయి కదా. 3/x వంపులు కుడి పైన, ఎడమ కింద ఉంటాయి. −3/x వి ఎడమ పైన, కుడి కింద ఉంటాయి. జరిపిన తర్వాత మొత్తానికి అద్దం పెడితే, అంటే −(3/(x−3) + 4) అయితే, అప్పుడు y = −4 అవుతుంది. అప్పుడు కూడా x = 3 కదలదు. కాబట్టి "రెండూ తిరగబడతాయి" అన్నది ఈ మైనస్‌కు ఏ వరుసలోనూ నిజం కాదు.

ఆ అమ్మాయి కాగితం మీద మేమిద్దరం x = 3, y = 4 గీతలు కొత్తగా గీశాం. చెరిపేసిన బిందువులను మళ్లీ పెట్టింది. (2, 7), (4, 1) లకు మధ్య బిందువు (3, 4). (0, 5), (6, 3) లకు కూడా అదే. గీతలు కలిసే చోటు ఈ గ్రాఫ్‌కు కేంద్రం కాబట్టి, దానికి ఎదురెదురుగా ఉన్న బిందువులు ఇలా జతపడాలి. గీతలు తప్పు వేస్తే ఈ జత కుదరదు. పరీక్షలో అర నిమిషంలో చూసుకోగల తనిఖీ ఇది. ఇంకా అనుమానంగా ఉంటే x = 3.01 పెట్టండి: y = −300 + 4 = −296. x = 2.99 పెడితే 304. x = 103 అయితే 3.97.

ఇదే ప్రమేయాన్ని పరీక్షలో (4x−15)/(x−3) అని కూడా ఇవ్వొచ్చు. పైన x ఉండగా h, k చదవకూడదు. ముందు భాగించాలి: 4x−15 = 4(x−3) − 3, కాబట్టి 4 − 3/(x−3).

నాలుగో మాటలో సగం నిజముంది. a సున్నా కానప్పుడు a/(x−h) ఎప్పటికీ సున్నా కాదు. కాబట్టి ఈ రూపంలో ఉన్న ప్రమేయం y = k ని తాకదు. కానీ దాన్ని అకరణీయ ప్రమేయాలన్నిటికీ నియమంగా పట్టుకోవద్దు. x/(x²+1) కి అడ్డ అసింప్టోట్ y = 0, గ్రాఫ్ మాత్రం x = 0 దగ్గర ఆ గీతను దాటి అటువైపు వెళ్తుంది. నిలువు అసింప్టోట్‌ను మాత్రం ఏ అకరణీయ ప్రమేయమూ తాకదు, అక్కడ దానికి విలువే లేదు.